కథ చెప్పేది ఒకటి, ఆట చేయించేది ఒకటి

2016లో వచ్చిన 'అన్‌చార్టెడ్ 4' గేమ్‌లో ఒక ట్రోఫీ ఉంది. వెయ్యిమంది శత్రువుల్ని మట్టుబెడితే వస్తుంది. ఇలాంటివాటికి మామూలుగా మొనగాడు, రణధీరుడు అనే ధోరణిలో పేర్లు పెడతారు. నాటీ డాగ్ స్టూడియోవాళ్లు మాత్రం దీనికి 'లూడోనెరేటివ్ డిసొనెన్స్' అని పేరు పెట్టారు. విషయం తెలిసినవాళ్లు పగలబడి నవ్వారు. తెలియనివాళ్లు ఇదేదో జబ్బు పేరులా ఉందే అనుకుని ముందుకెళ్లిపోయారు.

నవ్వుకి కారణం ఆ గేమ్ హీరో నేథన్ డ్రేక్. పాతకాలం నిధుల కోసం శిథిలాలు పట్టుకు తిరిగే మనిషి. భార్యతో సరదాగా ఉంటాడు, అన్న కోసం ఎంతకైనా తెగిస్తాడు, చావు ఎదురుగా ఉన్నా ఓ జోకు వేస్తాడు. కథ నడుస్తున్నంతసేపూ పక్కింటి కుర్రాడిలా ముచ్చటగా ఉంటాడు. ఆ సీను అయిపోయి కంట్రోలర్ మన చేతికి వచ్చిందో లేదో, అదే మనిషి కొండ అంచుకి వేలాడుతూ పైన కాపలా ఉన్నవాణ్ని లోయలోకి లాగి పడేస్తాడు. గోడ చాటునుంచి ఇంకొకణ్ని కాలుస్తాడు. కాసేపట్లో చుట్టూ ఓ ఇరవై శవాలు పడతాయి. తర్వాతి సీన్‌లో మళ్లీ అదే నవ్వు, అవే జోకులు. ఆ చావుల గురించి అతను పల్లెత్తు మాట అనడు, పక్కవాళ్లూ అడగరు. మొదటి భాగం నుంచీ ఈ సిరీస్‌ను విమర్శకులు ఎత్తిపొడుస్తున్నది దీని గురించే. ఆ ఎత్తిపొడుపునే స్టూడియో ట్రోఫీ పేరుగా తగిలించేసుకుంది. తప్పు దిద్దడం కంటే దాని మీద జోకేయడం చవక కదా!

విషయం ఇంతే. కథ ఒక మాట చెబుతుంది, ఆటలోని నియమాలు మన చేత దానికి అడ్డంగా ఇంకో పని చేయిస్తాయి. ఈ రెండింటికీ పొసగకపోవడాన్నే ఆ పొడుగాటి పేరుతో పిలుస్తున్నారు.

ఇదేమంత కొత్త అని తెలుగు ప్రేక్షకుడికి అనిపిస్తే తప్పులేదు. మన హీరో కత్తి పట్టడం ఎంత ఘోరమో రెండు నిమిషాలు ఏకధాటిగా చెప్పి, ఆ గుక్క తిప్పుకోకముందే పాతికమందిని గాల్లోకి లేపుతాడు. మనం ఈల వేస్తాం. కాకపోతే సినిమాలో ఆ పని చేసేది హీరో, మనం చూసేవాళ్లం. గేమ్‌లో ట్రిగ్గర్ మీద ఉన్న వేలు మనది. ఎటు వెళ్లాలి, ఎవరిని కాల్చాలి, ఎవరిని వదిలేయాలి అని గంటల తరబడి మనమే తేల్చుకుంటూ వస్తాం. అలాంటప్పుడు కథ వచ్చి 'నువ్వు చాలా మంచివాడివి' అంటే, ఎవర్ని అంటున్నట్టు?

అయితే ప్రతి చిన్న పొసగనితనాన్నీ ఈ ఖాతాలో వేయకూడదు. బుల్లెట్ తగిలినవాడు ఒక రొట్టెముక్క తినగానే లేచి పరుగెడతాడు. వీపున ఓ చిన్న సంచీ, అందులో పన్నెండు తుపాకులు. చచ్చిపోయినవాడు రెండు నిమిషాల ముందునుంచి మళ్లీ మొదలుపెడతాడు. ఇవన్నీ ఆట సాగడం కోసం అందరం ఒప్పుకున్న కట్టుబాట్లు. నాటకంలో రాజుగారి కోట గుడ్డ తెరే అని తెలిసినా ఎవరూ లేచి అడగరు. తేడా ఎక్కడ వస్తుందంటే, కథ మనల్ని దేని గురించి బాధపడమంటోందో, దేనికి విలువివ్వమంటోందో సరిగ్గా అదే విషయంలో ఆట లెక్క వేరేగా ఉన్నప్పుడు. రొట్టెముక్క గురించి కథకి పట్టింపేమీ లేదు. మనిషి ప్రాణం గురించి ఉంది.

ఈ మాటను పుట్టించింది క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్. 2007 అక్టోబరులో, కెనడాలోని యూబిసాఫ్ట్ మాంట్రియాల్ స్టూడియోలో పనిచేస్తున్న రోజుల్లో రాసిన ఓ విమర్శలో వాడాడు. అతను తప్పుపట్టింది ఏదో నాసిరకం గేమ్‌ని కాదు. అందుకు రెండు నెలల ముందే విడుదలై, విమర్శకులంతా ఆకాశానికెత్తుతున్న 'బయోషాక్'ని. అసలు ఈ విషయం అర్థం కావాలంటే ఆ గేమ్ లోపలికి కొంత దూరం వెళ్లాల్సిందే.

బయోషాక్ జరిగేది 1960లో. అట్లాంటిక్ సముద్రం మధ్య విమానం కూలిపోతే జాక్ అనేవాడు ఒక్కడే బతికి, ఓ లైట్‌హౌస్ చేరతాడు. అందులోంచి కిందికి దిగితే సముద్రం అడుగున రాప్చర్ అనే నగరం. ఆండ్రూ ర్యాన్ అనే కోటీశ్వరుడు 1946లో కట్టించిన ఊరు. ఎవడి కష్టం వాడికే, ప్రభుత్వానికో దేవుడికో సమాజానికో ఎవడూ బాకీ లేడు, స్వార్థమే అసలైన నీతి అనేది అతని సిద్ధాంతం. అమెరికన్ రచయిత్రి అయిన్ ర్యాండ్ ఆలోచనల్ని తీసుకుని, వాటిమీద ఒక ఊరు నిజంగా కడితే ఏమవుతుందో చూపించాలని గేమ్ రూపకర్త కెన్ లెవీన్ అనుకున్నాడు. ఏమవుతుందంటే, సర్వనాశనమవుతుంది. మనం దిగేసరికి ఊరంతా నీళ్లు కారుతూ, పిచ్చెక్కిన మనుషులతో నిండి ఉంటుంది.

ఆ పిచ్చికి మూలం ఆడమ్ అనే పదార్థం. దాన్ని ఒంట్లోకి ఎక్కించుకుంటే చేతుల్లోంచి నిప్పు, మెరుపు పుడతాయి. ఆటలో మన బలం పెరగాలన్నా ఆడమే కావాలి. అది దొరికేది లిటిల్ సిస్టర్స్ అని పిలిచే చిన్న ఆడపిల్లల దగ్గర. ఆ పిల్లలు పొడవాటి సూది పట్టుకుని శవాల్లోంచి ఆడమ్‌ని పీల్చుకుంటూ తిరుగుతారు. ఒక్కో పిల్ల వెనకా డైవింగ్ సూట్ తొడుక్కున్న రాక్షసుడిలాంటి కాపలాదారు ఉంటాడు, పేరు బిగ్ డాడీ. వాణ్ని చంపాక పిల్ల ఏడుస్తూ మన ముందు నిలబడుతుంది. అప్పుడు తెర మీద రెండు బటన్లు కనిపిస్తాయి. ఒకటి నొక్కితే పిల్ల ప్రాణం పోతుంది, ఆమెలోని ఆడమ్ అంతా మనది. రెండోది నొక్కితే ఆమె మళ్లీ మామూలు పిల్లవుతుంది, మనకు కొంచెమే దక్కుతుంది.

ఆ సీన్ గొప్పగా తీశారు, అందులో సందేహం లేదు. మొదటిసారి ఆడేవాళ్లు ఆ బటన్ల ముందు నిజంగానే ఆగిపోతారు. స్వార్థమే నీతి అన్న సిద్ధాంతం మనకు అప్పటిదాకా గోడల మీది రాతల్లో కనిపించింది. ఇప్పుడు చేతికి తగులుతుంది. స్వార్థం చూసుకుంటావా, పసిదాన్ని చూస్తావా?

ఇప్పుడు లెక్క చూద్దాం. పిల్లను చంపితే 160 ఆడమ్. కాపాడితే 80. సరిగ్గా సగం. ఇంతవరకూ కథా ఆటా ఒకే మాట మీద ఉన్నాయి, మంచితనానికి ఖరీదు ఉంది. కానీ ముగ్గుర్ని కాపాడినప్పుడల్లా టెనెన్‌బామ్ అనే శాస్త్రవేత్త తరఫున ఆ పిల్లలు మనకో టెడ్డీబేర్ కానుక వదిలి వెళ్తారు. అందులో 200 ఆడమ్ ఉంటుంది. అంటే ముగ్గుర్ని చంపినవాడికి 480, ముగ్గుర్ని కాపాడినవాడికి 240కి 200 కలిపి 440. తేడా నలభై! గేమ్ మొత్తంలో ఉన్న పిల్లలు 21 మంది. అందర్నీ చంపితే 3360, అందర్నీ కాపాడితే 3080. నూటికి ఎనిమిదో తొమ్మిదో వంతుల తేడా. పైగా ఆ కానుకల్లో డబ్బుపెట్టి కొనలేని శక్తులు కూడా ఉంటాయి, బిగ్ డాడీనే మన కాపలాదారుగా మార్చుకునే మంత్రంలాంటిది వాటిలో ఒకటి. నిజానికి స్వార్థపరుడు కాస్త కాగితం పెన్సిలు పట్టుకుంటే పిల్లల్ని కాపాడతాడు. అదే లాభం.

అంటే కథ 'నువ్వు ఏం వదులుకోగలవు' అని అడుగుతోంది, ఆట 'ఏం వదులుకోనక్కర్లేదులే' అని చెవిలో ఊదుతోంది. స్టూడియో ఇలా ఎందుకు చేస్తుందో ఊహించడం కష్టం కాదు. మంచిగా ఆడినవాడు సగం బలంతో చివరిదాకా ఈడ్చలేక, మధ్యలో విసిగి డిస్కు పక్కన పడేస్తే ఎలా అనే భయం ఏ డిజైనర్‌కైనా ఉంటుంది. న్యాయమైన భయమే. కానీ ఆ భయానికి వేసిన మందు సరిగ్గా కథ గుండె మీద పడింది.

దీన్ని సరిచేయాలంటే కథలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఒక దారి, కానుకలోని ఆడమ్‌ని తీసేయడం. అప్పుడు కాపాడినవాడికి మొత్తం 1680, చంపినవాడికి 3360. మంచివాడు నిజంగా బీదవాడవుతాడు. ఆట అతనికి కష్టమవుతుంది కాబట్టి, ఆ కష్టం మోయగలిగేంత తూటాలూ మందులూ వేరే దారిలో దొరికేలా చూడాలి. బలం తగ్గాలిగానీ ఆట ఆగిపోకూడదు. ఆ కొలత కుదరాలంటే నెలల తరబడి మనుషుల్ని కూర్చోబెట్టి ఆడించి చూసుకోవాల్సిందే. రెండో దారి ఇంకా చవక. కానుక ఉండనీ, కానీ ముందే చెప్పకుండా ఉండాలి. బయోషాక్‌లో మొదటి పిల్ల దగ్గరే టెనెన్‌బామ్ 'కాపాడితే నీకు మేలు చేస్తాను' అని మాట ఇచ్చేస్తుంది. ఆ మాట లేకుండా, ఏ పది పన్నెండుమందినో కాపాడాక మొదటి కానుక వచ్చి ఉంటే, అప్పటిదాకా నొక్కిన ప్రతి బటనూ నష్టానికి సిద్ధపడి నొక్కినదే అయ్యేది. ఇందులోనూ ఓ చిక్కుంది. రెండోసారి ఆడేవాడికీ, ముందే ఎవరినైనా అడిగి వచ్చినవాడికీ రహస్యం పని చేయదు. నన్నడిగితే అయినా రెండోదే మేలంటాను. మొదటిసారి ఆట ఒక్కసారే ఉంటుంది, కథ ముందుగా దానికోసం రాయాలి.

హాకింగ్ బాధ మాత్రం ఈ కూడికల గురించి కాదు, ఇంకో మెట్టు లోతుది. గేమ్ మనతో రెండు ఒప్పందాలు చేసుకుంటోందని అతను అన్నాడు. ఆటగా చేసుకున్న ఒప్పందం ప్రకారం బలం పెంచుకో, నీ మేలు నువ్వు చూసుకో. పిల్లల దగ్గర ఆ స్వేచ్ఛ మనకి ఇచ్చారు, కావాలంటే స్వార్థపరుడిగా ఉండొచ్చు. కథగా చేసుకున్న ఒప్పందం వేరు. రేడియోలో అట్లాస్ అనే మనిషి గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఇక్కడికి వెళ్లు, ఆ తలుపు తెరువు, నా పెళ్లాంబిడ్డల్ని కాపాడు అని చెబుతూ ఉంటాడు. అతని మాట విని తీరాలి. వినకపోతే ఆట కదలదు. రాప్చర్ సిద్ధాంతాన్ని నిజంగా నమ్మి ఆడేవాడు ముక్కూమొహం తెలియనివాడికి ఎందుకు సాయం చేస్తాడు? 'నీకేమిటి లాభం' అని అడిగే బటన్ ఎక్కడా లేదు.

గేమ్ దీనికి తన దగ్గర ఓ గడుసు జవాబు ఉందనుకుంటుంది. కథ మధ్యలో ర్యాన్ గదికి వెళ్లినప్పుడు అసలు గుట్టు బయటపడుతుంది. అట్లాస్ ప్రతి ఆజ్ఞకీ ముందు 'కాస్త దయచేసి' అనే అర్థం వచ్చే ఒక మాట తగిలిస్తూ వచ్చాడు. జాక్‌ని ఆ మాట వినగానే చెప్పింది చేసే మరమనిషిలా చిన్నప్పుడే తయారుచేశారు. మన చేతిలోంచి కంట్రోలర్ లాక్కుని, అదే మాటతో ర్యాన్‌ని మన చేతనే కొట్టి చంపిస్తారు. అబ్బ అనిపించే మలుపు, ఇన్నేళ్లయినా దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. హాకింగ్‌కి మాత్రం అది వెక్కిరింతలా తోచింది. ఎదురు చెప్పే దారి ఇవ్వకుండా ఇన్ని గంటలు నడిపించి, చివరికి 'ఎదురు చెప్పలేదేం, బానిసవా' అన్నట్టుంది కదా అన్నాడు.

నాకు హాకింగ్‌తో ఇక్కడ పూర్తిగా ఏకీభావం లేదు. ఆ మలుపు దాకా జరిగిన బలవంతానికి కథలో కారణం దొరికింది, అది చిన్న పనేమీ కాదు. అసలు బోర్లాపడింది ఆ తర్వాత. టెనెన్‌బామ్ వచ్చి మన బుర్రలోని ఆ కట్టు తీసేస్తుంది. ఇప్పుడు మనం స్వేచ్ఛాజీవులం. వెంటనే ఏం జరుగుతుంది? ఆమె రేడియోలో ఇక్కడికి వెళ్లు, అది తీసుకురా అంటుంది, తెర పైన బాణం గుర్తు అటు చూపిస్తుంది, మనం వెళ్తాం. గొంతు మారింది తప్ప పని మారలేదు. బాణం గుర్తు ఆ క్షణంనుంచి మాయమై, కనీసం దారైనా మనల్నే వెతుక్కోనిచ్చినా ఆ స్వేచ్ఛ చేతికి తగిలేది.

అయితే ప్రతి చోటా ఎదురు చెప్పే దారి పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఒక్క 'చేయను' అనే బటన్ పెడితే దాని వెనక వేరే కథ, వేరే గదులు, మళ్లీ నటుల చేత డబ్బింగ్, బొమ్మల కదలికలు అన్నీ తయారుచేయాలి. ఇంకో రెండు చోట్ల పెడితే ఆ ఖర్చు కొమ్మలేసుకుంటూ పోతుంది, అందులో సగం కొమ్మల్ని సగం మంది ఆటగాళ్లు చూడనే చూడరు. అందుకే అనుభవమున్న డిజైనర్లు దారులు పెంచడం కంటే, ఉన్న ఒక్క దారిలోనే ధరలు సరిచూస్తారు.

ధర సరిగ్గా పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే 2013లో లూకస్ పోప్ ఒంటరిగా తయారుచేసిన 'పేపర్స్, ప్లీజ్' ఆడాలి. కాలం 1982, అర్‌స్టోట్‌జ్కా అనే ఊహాదేశం సరిహద్దులో మనం ఓ చిన్న ఉద్యోగి. వచ్చినవాళ్ల పాస్‌పోర్ట్, పర్మిట్ తనిఖీచేసి ముద్ర వేయడమే పని. సరిగ్గా చూసి పంపిన మనిషికి 5 క్రెడిట్లు జీతం. సాయంత్రమయ్యేసరికి ఆ డబ్బుతోనే ఇంటద్దె, తిండి, చలికి వెచ్చదనం, జబ్బుపడినవాళ్లకి మందులు చూసుకోవాలి. ఓ రోజు ఓ మనిషి వస్తాడు, కాగితాలన్నీ సవ్యంగానే ఉంటాయి. వెనక తన భార్య వస్తోందనీ, కాస్త దయ చూడమనీ చెప్పి లోపలికి వెళ్తాడు. ఆమె దగ్గర పర్మిట్ లేదు.

పంపొచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకోరు. పంపితే మిషన్ గరగరమంటూ తప్పుచీటీ ఒకటి బయటికి తోస్తుంది. రోజుకి మొదటి రెండు తప్పులకీ హెచ్చరికే, మూడోదానినుంచి జరిమానా. అంటే ఆమెను పంపడం ఊరికే వస్తుందా రాదా అన్నది, ఆ రోజు అప్పటికి మనం ఎన్ని పొరపాట్లు చేశామన్నదాని మీద ఉంటుంది. తేదీ సరిగ్గా చూడక పొద్దున రెండు చీటీలు తిన్నవాడికి ఆమె మీద దయ చూపించడం ఇంట్లో వాళ్లకి వేడి తగ్గించడమే. టెడ్డీబేర్‌లో పెట్టి ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు. ఈ గేమ్‌లో పెద్ద పెద్ద సంభాషణలేవీ లేవు, ఉపన్యాసం అసలే లేదు. నియంతృత్వం మామూలు మనిషిని ఎలా కర్కశంగా మారుస్తుందో ఆ ఐదు క్రెడిట్ల లెక్కే చెప్పేస్తుంది. క్యూలో మనుషుల్ని గబగబా తోసేసే గుణం మనకే అలవాటై, ఓ గంటకి మన మీద మనకే అనుమానం వస్తుంది.

ధర తర్వాత గేమ్‌లు ఎక్కువగా తడబడేది కాలం దగ్గర. 2015లో వచ్చిన 'ది విచర్ 3'లో గెరాల్ట్ తాను కూతురిలా పెంచిన సిరి కోసం వెతుకుతుంటాడు, ఆమె ప్రాణానికి క్షణక్షణం గండం. మనం మాత్రం సత్రంలో కూర్చుని గ్వెంట్ అనే పేకాట ఎంతసేపైనా ఆడుకోవచ్చు. గుర్రప్పందేలకు వెళ్లొచ్చు. సిరికి ఏమీ కాదు, మనం వచ్చేదాకా ప్రమాదమే ఓపిగ్గా ఆగుతుంది. అద్భుతమైన గేమ్, ఆ పేకాటకి నేనూ దాసోహమైనవాణ్నే, అయినా కథలోని తొందర ఒట్టిదని రెండో రోజుకే తెలిసిపోతుంది.

దీనికి విరుగుడు 1997లోనే 'ఫాలౌట్' వేసి చూసింది. అణుయుద్ధం తర్వాత భూగర్భంలో బతుకుతున్న ఊరు వాల్ట్ 13. నీళ్లు శుద్ధిచేసే చిప్ పాడైంది, 150 రోజుల్లో కొత్తది తేవాలి. ఆ 150 రోజులూ నిజంగా లెక్కలో పడతాయి. ఎడారిలో దారి తప్పినా, గాయం మానేదాకా పడుకున్నా తేదీ కదులుతుంది. గడువు దాటితే ఊరు చస్తుంది, ఆట ముగుస్తుంది. మధ్యలో ఓ వెసులుబాటు కూడా పెట్టారు. నీళ్ల వర్తకులకు డబ్బిచ్చి వాల్ట్‌కి నీళ్లు పంపిస్తే ఇంకో 100 రోజులు కలిసొస్తాయి. కానీ ఆ బండ్ల జాడ పట్టుకుని శత్రువులు వాల్ట్ ఎక్కడుందో త్వరగా కనిపెట్టేస్తారు. గడువు పెంచుకోవడం కూడా ఊరి ప్రాణంతో ఆడుకునే జూదమే, ఇంత ఒద్దికగా కథలో కలిసిపోయిన నియమం అరుదు.

అయినా చాలామందికి అది నచ్చలేదు. అంత పెద్ద ప్రపంచాన్ని కట్టి, మూలమూలా తిరిగి చూడనివ్వకుండా గడియారం చూపించి తరుముతారేమిటని గోల పెట్టారు. శత్రువులు వాల్ట్‌ని పట్టుకునే రెండో గడువును తయారీదారులే తర్వాత ప్యాచ్‌లో లేనట్టే చేసేశారు. తిరగడమే సరదాగా ఉన్న గేమ్‌కి తొందరపెట్టే కథ రాస్తే ఇదే తంటా. గడియారం పెడితే సరదా పోతుంది, పెట్టకపోతే కథ అబద్ధమవుతుంది. అక్కడ మార్చాల్సింది నియమం కాదు, కథ. సిరి జాడ దొరకడానికి నెలలు పట్టే మామూలు వెతుకులాట అయితే, దారిలో పేకాటకి ఎవరూ తప్పుపట్టరు.

ఇంతకీ అందరి తప్పులూ ఎంచిన హాకింగ్ సొంతంగా ఏం చేశాడు? ఆ విమర్శ రాసే రోజుల్లోనే అతని బృందం 'ఫార్ క్రై 2' తయారుచేస్తోంది, అది 2008లో విడుదలైంది. అంతర్యుద్ధంతో చితికిపోయిన ఓ ఆఫ్రికా దేశానికి, జాకల్ అనే ఆయుధాల వ్యాపారిని చంపడానికి వెళ్లిన కిరాయి సైనికుడు మన పాత్ర. దిగిన రోజే మలేరియాతో పడిపోతాడు. చంపాల్సిన జాకలే వచ్చి మంచం పక్కన నిలబడి, 'నువ్వా నన్ను చంపేది' అన్నట్టు చూసి వదిలేసి వెళ్తాడు. అక్కడినుంచి ఏదీ మన చేతిలో సరిగ్గా నిలవదు. శత్రువుల దగ్గర ఏరుకున్న తుప్పుపట్టిన తుపాకి కాల్పుల మధ్యలో బిగుసుకుపోతుంది. మ్యాప్ చూడాలంటే ఆట ఆగదు, జీప్ నడుపుతూనే ఒళ్లో కాగితం పరుచుకుని చూడాలి. ఉన్నట్టుండి జ్వరమొచ్చి కళ్లు మసకబారితే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రలు కావాలంటే ఊళ్లో దాక్కున్న జనానికి దేశం దాటే కాగితాలు చేర్చిపెట్టాలి.

మనం పడిపోయినప్పుడు తోటి కిరాయి సైనికుడొకడు వచ్చి పక్కకి లాక్కెళ్లి బతికిస్తాడు. ఎప్పుడో అతనే దెబ్బతిని పడిపోతాడు. మార్ఫిన్ ఇంజక్షన్ ఒకటిస్తాం, ఇంకోటి అడుగుతాడు. ఒక్కోసారి ఎన్ని ఇచ్చినా లేవడు, ఇచ్చేకొద్దీ మత్తులో ఊపిరే ఆగిపోతుంది. లేదా తుపాకితో మనమే ముగించాలి. ఇక్కడ కట్‌సీన్‌లో ఎవరో చేసిన పని కాదు, మన గాయాలకి వాడే బటన్‌తోనే అతన్ని సాగనంపుతాం. ఈ యుద్ధంలో అందరూ కుళ్లిపోతారు అన్నదే కథ, తుప్పూ జ్వరమూ మార్ఫినూ దాన్నే చెబుతాయి.

అలాగని అన్నీ కుదరలేదు. దారి పొడవునా ఉండే చెక్‌పోస్టుల్లో కాపలావాళ్లందర్నీ చంపి కాస్త దూరం వెళ్లి తిరిగొస్తే, అంతమందీ మళ్లీ అక్కడే ఉంటారు. ఎంత చంపినా ఈ యుద్ధం ఆగదని చెప్పే నియమం అని సమర్థించేవాళ్లు ఉన్నారు. ప్రతి ప్రయాణంలోనూ అదే చెక్‌పోస్టు దగ్గర దిగి అదే కాల్పులు జరపాల్సొచ్చిన మామూలు ఆటగాడికి మాత్రం వ్యర్థమనిపించింది యుద్ధం కాదు, తన ఆదివారం. నియమం కథకి సరిపోతే చాలదు, విసుగు పుట్టించకూడదు కూడా. విసుగు పుట్టిన మరుక్షణం మనిషి కథలోంచి బయటికొచ్చి డిజైనర్‌ని తిట్టుకుంటాడు.

ఇంకో రకం పొరపాటుకి 2012లో ఆర్కేన్ స్టూడియో తెచ్చిన 'డిస్‌ఆనర్డ్' మంచి ఉదాహరణ. మహారాణి హత్య నింద మీద పడిన అంగరక్షకుడు కోర్వో ప్రతీకారానికి బయల్దేరతాడు. డన్‌వాల్ నగరంలో ఎలుకల వల్ల ప్లేగు వ్యాపించి ఉంటుంది. ఎంతమందిని చంపితే అంత కల్లోలం. శవాలు పెరిగితే ఎలుకలూ రోగులూ పెరుగుతారు, మనం కాపాడాల్సిన చిన్న యువరాణి ఎమిలీ మాటతీరు కూడా కరుకెక్కుతుంది, ముగింపు చీకటిగా మారుతుంది. చంపడానికి ఊరు మొత్తం మూల్యం చెల్లిస్తుంది, కాగితం మీద చూస్తే ఇంతకంటే పొసగిన నియమం ఉండదు.

చిక్కల్లా మన చేతికిచ్చిన సామాను దగ్గర వచ్చింది. ముక్కలుగా కోసే తీగల ఉచ్చు, పేలే తూటాలు, మనుషుల్ని కొరికి తినే ఎలుకల గుంపును పిలిచే శక్తి, ఎంత ముద్దొచ్చే పరికరం చూసినా అది చంపేదే. చంపకుండా ఆడాలనుకున్నవాడికి మిగిలింది వెనకనుంచి మెడ పట్టి మూర్ఛపుచ్చడం, ఓ మత్తుబాణం, అంతే. బొమ్మల దుకాణంలోకి తీసుకెళ్లి ఏదీ ముట్టుకోకు అన్నట్టయింది. మంచి ముగింపు కోసం గేమ్‌లోని సగం సరదా వదులుకున్నవాళ్లు, సరదా కోసం కత్తి దూసి చివర్లో చీవాట్లు తిన్నవాళ్లు, ఇద్దరూ గొణుక్కున్నారు.

2016లో రెండో భాగం వచ్చినప్పుడు ఆర్కేన్ చంపితే పెరిగే కల్లోలాన్ని తీసేయలేదు, చేతికిచ్చే సామానును పెంచింది. తాకితే షాక్ కొట్టి స్పృహ తప్పించే మైన్లు వచ్చాయి. పైనుంచి దూకి ప్రాణం తీయకుండా పడగొట్టొచ్చు. కత్తియుద్ధం మధ్యలో ఎదుటివాణ్ని తడబడేలా చేసి, గొంతు కోయకుండానే నేలకేసి కొట్టొచ్చు. మొదటి భాగంలో ఇంకొకరి కంటపడితే చంపకుండా ఆడేవాడికి పరుగెత్తడమో, పాత సేవ్ నుంచి మళ్లీ మొదలుపెట్టడమో తప్ప పెద్దగా గత్యంతరం ఉండేది కాదు. రెండో భాగంలో అతనూ నిలబడి పోట్లాడగలిగాడు.